జీవోలో ఎవరు, ఎవరికి, ఏం చేయాలి?

తెలుగులో వచ్చిన జీవో ఢిల్లీలోనో ముంబయిలోనో ఉన్న సంస్థ ప్రధాన కార్యాలయానికి ఇంగ్లిష్ పట్టికగా వెళ్లాలి. ఆదేశం ఏమిటి, లబ్ధి ఎవరికి, అమలు ఏ శాఖది అన్న మూడు గడులు నింపితే చాలనిపిస్తుంది. కానీ జీవోలో ఉన్నదంతా ఆదేశం కాదు.

మొదటి పేరాల్లో సాధారణంగా పూర్వాపరాలు ఉంటాయి. కమిషనర్ ఏం ప్రతిపాదించారో, ఆర్థిక శాఖ ఏమన్నదో అక్కడే రాస్తారు. ‘ప్రభుత్వం పరిశీలించిన మీదట ఈ కింది ఉత్తర్వులు జారీ చేయడమైనది’ అన్న తరహా వాక్యం తర్వాతే అసలు నిర్ణయం మొదలవుతుంది. కమిషనర్ 15,000 రూపాయలు అడిగి, ప్రభుత్వం 10,000 మంజూరు చేసి ఉండవచ్చు. తొందరలో పై పేరాలోని అంకెను ఎక్కిస్తే పట్టికంతా తప్పుతుంది. అందుకే ముందుగా ఆ వాక్యాన్ని గుర్తించి, దాని కింద గీత గీసుకోవాలి.

నమూనాగా రాసుకున్న ఈ రెండు వాక్యాలు చూడండి: ‘సొంత మగ్గం గల ప్రతి నేత కుటుంబానికి మగ్గం మరమ్మతు నిమిత్తం రూ.10,000 మంజూరు చేయడమైనది. గ్రామ సచివాలయాల్లో దరఖాస్తులు స్వీకరించి, అర్హుల జాబితాను కలెక్టర్ ఆమోదంతో చేనేత, జౌళి శాఖకు పంపవలెను.’

ఇది ఒక వరుస కాదు, నాలుగు. మంజూరు ఒకటి, దరఖాస్తుల స్వీకరణ రెండు, కలెక్టర్ ఆమోదం మూడు, జాబితా పంపడం నాలుగు. లబ్ధిదారు గడిలో ‘నేత కార్మికులు’ అని రాయకూడదు. జీవో చెప్పింది కుటుంబానికి. ఒకే ఇంట్లో ఇద్దరు నేసినా సాయం ఒక్కటే. మగ్గం సొంతమై ఉండాలన్న షరతూ అదే గడిలో ఉండాలి. లేకపోతే అద్దె మగ్గం మీద నేసేవారిని కూడా లెక్కలో కలిపేస్తారు.

నాలుగో వరుసలో చిక్కు ఉంది. జాబితా పంపేది ఎవరు? వాక్యంలో కర్త లేడు. జిల్లా చేనేత అధికారి కావచ్చని తోచినా, ఆ ఊహను గడిలో రాయకూడదు. ‘ఉత్తర్వులో పేర్కొనలేదు’ అని ఇంగ్లిష్‌లో రాసి, శాఖను అడిగి తెలుసుకోవాలి. అలాగే జీవో జారీ చేసిన శాఖే ప్రతి పనీ చేయదు. ఇక్కడ ఆమోదం కలెక్టర్‌ది, దరఖాస్తులు తీసుకునేది సచివాలయం.

చివరగా సంతకం కింది చిరునామాల జాబితాతో పట్టికను సరిచూడాలి. ఉత్తర్వు ఎవరి పేరిట వెళ్లిందో వారికి ఒక్క వరుసైనా లేకపోతే ఏదో ఆదేశం జారిపోయిందేమోనని పేరాలు మళ్లీ చదవాలి. ప్రతులు అందుకున్నవారి సంగతి వేరు. వారిలో కొందరికి అది సమాచారం కోసమే.

పేరా సంఖ్యకు, మూల తెలుగు వాక్యానికి చెరొక గడి కేటాయిస్తే, ప్రధాన కార్యాలయంలో ఎవరికి సందేహం వచ్చినా తెలుగు తెలిసిన సహోద్యోగి నేరుగా ఆ వాక్యాన్నే చదివి చెప్పగలరు.