తెల్లకణాలు 62 వేలు.. బ్లడ్ క్యాన్సరేనా?

రక్తపరీక్ష రిపోర్టులో తెల్లకణాల సంఖ్య 62,000 అని కనిపిస్తే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. మైక్రోలీటరు రక్తంలో మామూలుగా ఉండేవి 4,000 నుంచి 11,000 మరి. ఇంట్లోవాళ్లకు వెంటనే తట్టేది బ్లడ్ క్యాన్సరే. కానీ ఆ అంకె ఒక్కటే చూసి ఏ హెమటాలజిస్టూ ఆ మాట అనరు. ఎన్ని కణాలున్నాయన్న దానికంటే ఎలాంటి కణాలున్నాయన్నదే వాళ్లకు ముఖ్యం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 58 ఏళ్ల షుగర్ పేషెంటు. వారంగా చలిజ్వరం, కుడి పక్కటెముకల కింద నొప్పి. స్కానింగ్‌లో కాలేయంలో చీముగడ్డ బయటపడింది. తెల్లకణాలు 62,000. బ్యాక్టీరియాను మింగి చంపే తెల్లకణాల పేరు న్యూట్రోఫిల్స్. వీటిని ఎముక మజ్జ ఎప్పుడూ కొంత నిల్వ ఉంచుతుంది. ఇన్ఫెక్షన్ ముదిరితే శరీరం విడుదల చేసే రసాయనాల వల్ల ఆ నిల్వంతా రక్తంలోకి వచ్చేస్తుంది. అదీ చాలకపోతే, ఇంకా పూర్తిగా ఎదగని కణాలు కూడా బయటికొస్తాయి. ఇలా ఏదో ఒక కారణానికి స్పందనగా సంఖ్య 50,000 దాటితే దాన్ని లుకేమాయిడ్ రియాక్షన్ అంటారు.

తేడా తేల్చేది స్మియర్ పరీక్ష. ఒక చుక్క రక్తాన్ని గాజు స్లైడు మీద పలుచగా పరిచి, రంగువేసి, మైక్రోస్కోపులో చూస్తారు. మన రోగి స్లైడులో ఎక్కువభాగం ఎదిగిన న్యూట్రోఫిల్సే ఉన్నాయి. వాటిలో ముదురు రంగు రేణువులు, అక్కడక్కడా లేతనీలి మచ్చలు ఉన్నాయి. కణాలు హడావుడిగా తయారయ్యాయనడానికి ఇవే గుర్తులు. లేత కణాలు కొన్నే ఉన్నాయి. బ్లాస్టులు, అంటే మరీ తొలిదశ కణాలు, కనిపించలేదు.

అదే క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అయితే స్లైడు వేరుగా ఉంటుంది. అన్ని దశల కణాలూ కలగలిసి ఉంటాయి. మామూలుగా నూటికి ఒకటో అరో ఉండే బేసోఫిల్స్ పెరుగుతాయి. చాలామందిలో ప్లీహం ఉబ్బి ఎడమ పక్కటెముకల కింద చేతికి తగులుతుంది. అక్యూట్ లుకేమియాలోనైతే బ్లాస్టులే గుంపులుగా కనిపిస్తాయి. అవి మజ్జను ఆక్రమించేయడంతో హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు కూడా పడిపోతాయి.

స్లైడు చూశాక కూడా అనుమానం తీరకపోతే బీసీఆర్-ఏబీఎల్ అనే జన్యు పరీక్ష చేస్తారు. 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారై అతుక్కోవడం వల్ల పుట్టే జన్యువిది. క్రానిక్ మైలాయిడ్ లుకేమియాకు మూలం ఇదే. ఇన్ఫెక్షన్‌తో పెరిగిన కణాల్లో ఇది ఉండదు.

మన రోగికి చీము తీసేసి, యాంటీబయాటిక్స్ ఇచ్చారు. సంఖ్య మూడో రోజుకు 38,000కు, పదో రోజుకు 13,000కు దిగింది. కారణం పోతే కణాలూ తగ్గాయి, లుకేమాయిడ్ రియాక్షన్‌కు ఇదే అసలు సాక్ష్యం. తగ్గకపోతే మాత్రం మళ్లీ వెతకాలి. ఇంకెక్కడైనా చీము ఉండొచ్చు, టీబీ కావచ్చు, ఊపిరితిత్తుల్లాంటి చోట దాగిన గడ్డ కావచ్చు. ఇన్ఫెక్షన్ కనిపించింది కదా అని లుకేమియాను కొట్టిపారేయడమూ కుదరదు. లుకేమియా ఉన్నవాళ్లకే ఇన్ఫెక్షన్లు ఎక్కువ.

దీనికి పూర్తిగా తిరగబడ్డ పరిస్థితి న్యూట్రోపీనియా, అంటే న్యూట్రోఫిల్స్ తగ్గిపోవడం. ఇక్కడ మొత్తం సంఖ్యను చూస్తే మోసపోతాం. రిపోర్టులో తెల్లకణాలు 4,200 అని ఉంటే అంతా బాగానే ఉందనిపిస్తుంది. కానీ అందులో న్యూట్రోఫిల్స్ 10 శాతమే అయితే ఉన్నవి 420 మాత్రమే. 1,500 కంటే తగ్గితే న్యూట్రోపీనియా, 500 కంటే తగ్గితే తీవ్రమైనది. వైరల్ జ్వరాల్లో ఇవి కొన్నాళ్లు తగ్గి మళ్లీ పెరుగుతాయి. కీమోథెరపీ, థైరాయిడ్‌కు వాడే కార్బిమజోల్ లాంటి కొన్ని మందులు, బి12 లోపం కూడా కారణాలే. కొందరిలో అక్యూట్ లుకేమియా సైతం తక్కువ సంఖ్యతోనే బయటపడుతుంది. సంఖ్య పెరిగినా తగ్గినా స్మియర్ చూడమనేది ఇందుకే.

తీవ్ర న్యూట్రోపీనియాలో ప్రమాదం చాపకింద నీరులా వస్తుంది. చీములో ఎక్కువభాగం న్యూట్రోఫిల్సే. అవే లేనప్పుడు చీమూ పట్టదు, వాపూ పెద్దగా కనిపించదు. చాలాసార్లు జ్వరం ఒక్కటే గుర్తు. అందుకే కీమో తీసుకుంటున్నవాళ్లకు 101 డిగ్రీల జ్వరం వస్తే పారాసెటమాల్ వేసుకుని తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కార్బిమజోల్ వాడేవాళ్లకు గొంతునొప్పి, జ్వరం వస్తే మాత్ర ఆపి, డాక్టరుకు చెప్పి, ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోవాలి.