రాత్రి రెండింటికి దేశం దాటే వివరాలు

హైదరాబాద్‌లో ఫోన్‌ చెల్లింపులు నడిపే ఒక కంపెనీ ఉందనుకుందాం. దాని మాతృసంస్థ సింగపూర్‌లో ఉంది. లెక్కలు చూసుకోవడానికి ఖాతాదారుల పట్టికను రోజూ రాత్రి తమ సర్వర్‌కు పంపమని అక్కడివాళ్లు అడిగారు. ఇంజనీరుకు అది చిన్న పనే. రాత్రి రెండింటికి తనంతట తానే నడిచేలా ఒక సింక్‌ పెడితే సరిపోతుంది. ఆ పట్టికలో ఏముందో, అది దేశం దాటవచ్చో లేదో తేల్చడమే అసలు పని.

చెల్లింపుల సమాచారమంతా భారతదేశంలోని సర్వర్లలోనే ఉండాలని రిజర్వ్‌ బ్యాంక్‌ 2018 ఏప్రిల్‌ 6న ఆదేశించింది. ఆరు నెలల గడువిచ్చింది. పేరు, ఫోన్‌ నంబరు, ఖాతా వివరాలు, లావాదేవీ వివరాలు, పిన్‌, ఓటీపీ అన్నీ ఆ సమాచారం కిందికే వస్తాయి. ఒక కాపీ ఇక్కడ ఉంచుకుని మరో కాపీ బయట పెట్టుకుంటామంటే కుదరదు. విదేశంతో ముడిపడిన లావాదేవీకి మాత్రం బయట కూడా కాపీ ఉంచుకోవచ్చు. చెల్లింపును బయటి దేశంలో ప్రాసెస్‌ చేయడం తప్పు కాదని 2019లో రిజర్వ్‌ బ్యాంక్‌ వివరించింది. అయితే ఆ పని జరిగాక 24 గంటలు గానీ ఒక పనిదినం గానీ, ఏది ముందైతే ఆలోపు, అక్కడ చెరిపేసి ఇక్కడికి తెచ్చేయాలి. ఈ నిబంధన పాటించలేదని 2021లో అమెరికన్‌ ఎక్స్‌ప్రెస్‌, డైనర్స్‌ క్లబ్‌, మాస్టర్‌కార్డ్‌ కొత్త ఖాతాదారులను చేర్చుకోకుండా ఆపేసింది. మాస్టర్‌కార్డ్‌పై ఆంక్ష 2022 జూన్‌లో గానీ తొలగలేదు.

మన కంపెనీలో ఇంజనీరు అనుమతి పత్రం నింపి పంపాడు. భద్రతా విభాగం, న్యాయ విభాగం, నిబంధనల అధికారి చూసి సంతకం చేయాలి. ఆ పత్రంలో ‘ఖాతాదారుల పట్టిక’ అని ఒక్క ముక్క రాసి ఉంటే వెనక్కి పంపడమే సరైన పని. ఏయే కాలమ్‌లు వెళ్తాయి, ఎందుకు, ఏ నగరంలోని సర్వర్‌కు, దాని బ్యాకప్‌ ఎక్కడ, ఎన్నాళ్లకు చెరిపేస్తారు, చెరిపే బాధ్యత ఎవరిది అన్నవి విడివిడిగా ఉండాలి. అలా రాయించినప్పుడు అసలు సంగతి బయటపడింది. సింగపూర్‌వాళ్లకు కావలసింది నగరాలవారీగా ఎన్ని లావాదేవీలు జరిగాయి, ఎంత మొత్తం కదిలింది అన్నదే. ఆ కూడికలు ఇక్కడే వేసి, ఎవరి పేరూ లేని మొత్తాలను పంపితే వాళ్ల పని జరిగిపోతుంది. మనిషి వివరాలు దేశం దాటనక్కర్లేదు.

ఇక్కడ ఇంజనీర్లు తరచూ ఒక దగ్గరి దారి చెబుతారు. ఫోన్‌ నంబరును హ్యాష్‌ చేసి, గుర్తుపట్టలేని అక్షరాల గొలుసుగా మార్చి పంపుతామంటారు. మన మొబైల్‌ నంబరు పది అంకెలది, 6 నుంచి 9 లోపు అంకెతోనే మొదలవుతుంది. కాబట్టి ఉండగల నంబర్లన్నీ కలిపి 400 కోట్లే. వాటన్నిటికీ మామూలు హ్యాష్‌ లెక్కగట్టి పోల్చి చూడటం నేటి కంప్యూటర్లకు కష్టం కాదు. అంటే దాచామనుకున్న నంబరు దాగలేదన్నమాట.

సంతకాలు పడ్డాక వచ్చే చిక్కులు ఇంకా లోతైనవి. సింక్‌లో ఇలా రాసి ఉందనుకోండి:

```
SELECT * FROM city_totals
```

అంటే ఆ పట్టికలో ఉన్నదంతా పంపమని. ఆరు నెలల తర్వాత వేరే బృందం తమ అవసరం కోసం అందులో ఫోన్‌ నంబరు కాలమ్‌ చేరిస్తే, ఆ రాత్రే అది కూడా వెళ్లిపోతుంది. ఎర్రర్‌ రాదు. పాత అనుమతి పత్రం ఫైలులో భద్రంగానే ఉంటుంది. అందుకే కాలమ్‌లను పేరుపేరునా రాయాలి:

```
SELECT city, txn_count, total_amount FROM city_totals
```

ఇక చిరునామా. అమెజాన్‌ క్లౌడ్‌లో ముంబై `ap-south-1`, హైదరాబాద్‌ `ap-south-2`, సింగపూర్‌ `ap-southeast-1`. ముంబైకనుకున్న బ్యాకప్‌ సింగపూర్‌లో పడటానికి ఆ కాస్త తేడా చాలు. అసలు సర్వర్‌ ఇక్కడే ఉండి బ్యాకప్‌ మాత్రం బయట ఉన్నా నిబంధన తప్పినట్టే.

చెల్లింపులతో సంబంధం లేని వ్యక్తిగత వివరాల సంగతి వేరు. ప్రభుత్వం ప్రత్యేకంగా నిషేధించిన దేశాలకు తప్ప మిగతా చోట్లకు వాటిని పంపవచ్చని 2023 నాటి డిజిటల్‌ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. అయితే మరో చట్టం ఇంతకన్నా కఠినంగా ఉంటే అదే చెల్లుతుందనీ ఆ చట్టమే అంటోంది. కాబట్టి దీన్ని చూపించి రిజర్వ్‌ బ్యాంక్‌ నిబంధనను దాటలేరు. కంపెనీ లోపల ఎందరు సంతకం పెట్టినా అంతే. నిషిద్ధమైన దానికి అనుమతి ఇచ్చే అధికారం వాళ్లలో ఎవరికీ లేదు. సంతకం పెట్టేవారు పత్రంతో పాటు ఆ సింక్‌ రాతను కూడా తెప్పించుకుని చదవాలి. పట్టికలో కాలమ్‌ మారిన ప్రతిసారీ మళ్లీ చదవాలి.