365 మెట్ల మీద ఎవరు ఎదురవుతారు?

తిరుత్తణి మురుగన్ కొండకు 365 మెట్లు. ఏడాదికెన్ని రోజులో అన్ని మెట్లంటారు. జనం మతాచారాల మీద సర్వే చేయాలనుకునే పరిశోధక విద్యార్థికి ఆ మెట్లను చూడగానే ఒక ఆలోచన వస్తుంది: ప్రశ్నావళి పట్టుకుని ఇక్కడే నిలబడితే భక్తులు వాళ్లంతట వాళ్లే దొరుకుతారు కదా! దొరుకుతారు. ఎవరు దొరుకుతారన్నదే లెక్క వేసి చూడాలి.

వంద మంది భక్తులు ఉన్నారనుకుందాం. అందులో 50 మంది ఏడాదికి ఒక్కసారే వస్తారు, తక్కిన 50 మంది నెలనెలా వస్తారు. మొదటివాళ్లు ఏడాది మొత్తం మీద 50 సార్లు కొండెక్కితే, రెండోవాళ్లు 600 సార్లు ఎక్కుతారు. ఏడాది పొడవునా మెట్ల మీద ఎదురైనవాళ్లను అడుగుతూ పోతే 650 జవాబుల్లో 600, అంటే 92 శాతం, నెలనెలా వచ్చేవాళ్లవే. నిజానికి వాళ్లు సగం మందే. దీన్ని సరిదిద్దాలంటే ‘గడిచిన ఏడాదిలో ఎన్నిసార్లు వచ్చారు’ అని ప్రతి ఒక్కరినీ అడిగి, పన్నెండుసార్లు వచ్చినవాళ్ల జవాబుకు పన్నెండో వంతు విలువే ఇవ్వాలి. అప్పుడు 600 తిరిగి 50 అవుతుంది. అంత చేసినా, అసలు కొండకే రానివాళ్లు ఈ లెక్కలోకి రారు. ఊరి ఆచారం గురించి మాట్లాడాలంటే ఇంటింటికీ వెళ్లక తప్పదు.

ఇంటి గుమ్మంలో ఇంకో చిక్కు ఎదురవుతుంది. విదేశీ సర్వేల్లోని ప్రశ్న సాధారణంగా ‘వారానికోసారా, నెలకోసారా, ఏడాదికోసారా’ అని ఉంటుంది. అది ఆదివారం ప్రార్థనను బట్టి పుట్టిన కొలబద్ద. తిరుత్తణి భక్తుడు కృత్తిక నక్షత్రాన్ని చూసుకుంటాడు, అది 27 రోజులకోసారి వస్తుంది. తిరువళ్లూరు వీరరాఘవస్వామి గుడికి అమావాస్యనాడు జనం పోటెత్తుతారు, హృత్తాపనాశిని కోనేటిలో బెల్లం వేస్తారు. తై అమావాస్యకు మాత్రమే వచ్చే కుటుంబం ‘ఏడాదికోసారి’ అని చెప్పగలిగినా, ఏ రోజుకు వస్తుందన్నది ఆ కొలబద్దలో కనిపించదు. ‘గత అమావాస్యకు వెళ్లారా? గత కృత్తికకు?’ అని రోజును పట్టి అడిగితే మనిషికి గుర్తుకొస్తుంది. అడిగిన నెల ఆడి అయితే ఆ సంగతి వ్యాసంలో రాయాలి. ఆడి కృత్తికకు కావళ్లతో కొండ నిండిపోయే రోజుల్లో వచ్చిన శాతం మార్గశిరానికి పనికిరాదు.

రోజును పట్టి అడగడానికి మరో కారణం ఉంది. 1993లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం హడవే, మార్లర్, చేవ్స్ అనే ముగ్గురు సామాజిక శాస్త్రవేత్తలు అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక కౌంటీని ఎంచుకున్నారు. గత వారం చర్చికి వెళ్లామని చెప్పిన ప్రొటెస్టెంట్లు సుమారు 36 శాతం. చర్చిల్లో తలలు లెక్కపెడితే తేలింది 20 శాతమే. వాళ్లంతా అబద్ధాలాడారని నేననుకోను. ‘వెళ్తారా’ అని అడిగితే చాలామందికి ‘మీరు మంచి భక్తులేనా’ అని వినిపిస్తుంది. ‘నిన్న పొద్దుటి నుంచీ ఏమేం చేశారు’ అని దినచర్య అడిగిన సర్వేల్లో ఆ అంకె తగ్గింది.

ఇక భాష. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలో ఉండేది. ఇప్పటికీ అక్కడ తెలుగిళ్లు చాలా ఉన్నాయి, కాబట్టి ప్రశ్నావళి రెండు భాషల్లో ఉండాలి. ‘మొక్కు ఉందా’ అన్న తెలుగు ప్రశ్నకు తమిళంలో ‘వేండుదల్’ అని రాస్తే మామూలు కోరిక, ప్రార్థన కూడా అందులో చేరిపోతాయి. తమిళిళ్లలో మొక్కులు ఎక్కువన్నట్టు అంకె వస్తుంది. తీర్చాల్సిన మొక్కుకు ‘నేర్తిక్కడన్’ దగ్గరి మాట. ఇలాంటి తేడా పట్టుబడాలంటే, అసలు ప్రశ్నను చూడని మనిషి చేత తమిళ ప్రతిని మళ్లీ తెలుగులోకి మార్పించి రెండూ పక్కపక్కన పెట్టి చదవాలి.

ఫలితాలు రాసేటప్పుడు జరిగే పొరపాటు కూడా ఈ రెండు భాషలవాళ్లను పోల్చడంలోనే మొదలవుతుంది. 400 మందిని అడిగాం, అందులో తెలుగువాళ్లు 70, తమిళులు 330 అనుకుందాం. మొక్కు ఉందన్నవాళ్లు తెలుగువారిలో 60 శాతం, తమిళుల్లో 50 శాతం. ‘తెలుగువారిలో మొక్కులు ఎక్కువ’ అని రాసేయాలనిపిస్తుంది. కానీ 70 మందితో వచ్చిన ఈ 10 పాయింట్ల తేడా మీద పొరపాటుకు అవకాశం అటూ ఇటూ దాదాపు 13 పాయింట్లు. అసలు తేడాయే లేకపోవచ్చు. పైగా ఒకే వీధిలో ఇరవై ఇళ్లు అడిగితే వాళ్లందరి ఇలవేలుపూ ఒకటే కావచ్చు, అప్పుడు ఇరవై జవాబులు ఇరవై జవాబుల పని చేయవు. ఆ 13 ఇంకా పెరుగుతుంది. అందుకే ఒక్కో వీధిలో తక్కువ ఇళ్లు తీసుకుని ఎక్కువ వీధులు తిరగడం మేలు. పట్టికలో ‘60 శాతం’ పక్కన ‘70లో 42’ అని రాయాలి. దాని కింద, గుమ్మంలో అడిగిన ప్రశ్నను రెండు భాషల్లోనూ ఉన్నదున్నట్టు అచ్చువేయాలి.