ఆన్‌లైన్‌లో అమ్ముడైన చీర కౌంటర్‌లోనూ అమ్ముడైతే

పోచంపల్లి ఇక్కత్ చీరలమ్మే చిన్న దుకాణం ఒకటి ఉందనుకుందాం. కౌంటర్ మీద అమ్మకాలు ఎలాగూ ఉంటాయి. దాంతోపాటు షాపిఫై మీద ఆన్‌లైన్ దుకాణం కూడా నడుపుతున్నారు. ఇలాంటి చోట ఒక రంగులో, ఒక డిజైన్‌లో ఒక్క చీరే మిగలడం మామూలే. అదే చీర బీరువాలోనూ ఉంటుంది, వెబ్‌సైట్‌లోనూ ఉంటుంది. జనవరిలో ఒక రోజు ఉదయం 11:07కి డాలస్‌లో ఉన్న ఒకావిడ నీలం పట్టుచీర కొని డబ్బు కట్టేసింది. అక్కడ అప్పటికి ముందురోజు రాత్రి పదకొండున్నర దాటింది. 11:08కి ఇక్కడ కౌంటర్ ముందు కూర్చున్న మరొకావిడ ఆ చీరే మడత విప్పించుకుని చూస్తోంది. ఈ ఒక్క నిమిషంలో ఆర్డరొచ్చిన సంగతి కౌంటర్ కుర్రాడికి తెలిస్తే సరే. తెలియకపోతే ఒకే చీరకు రెండు బిల్లులు, ఆ తర్వాత డాలస్‌కు ఓ క్షమాపణ మెయిలు, డబ్బు వాపసు.

ఆ సంగతి చేరడానికి రెండు దారులున్నాయి. మన ప్రోగ్రామే గడియారం చూసుకుని, ఇన్ని నిమిషాలకోసారి షాపిఫైని "కొత్తగా ఏమైనా వచ్చాయా?" అని అడగడం పోలింగ్. ఆర్డర్ పడగానే షాపిఫై తనంతట తాను మనం ముందే ఇచ్చిన ఇంటర్నెట్ చిరునామాకు కబురు పంపడం వెబ్‌హుక్. వెబ్‌హుక్ కొత్తది కాబట్టి మేలని, పోలింగ్ పాతది కాబట్టి వదిలేయాలని సాఫ్ట్‌వేర్ వాళ్లు తరచూ అంటుంటారు. నాకైతే అది సగం నిజమే అనిపిస్తుంది. ఎందుకో చెప్పాలంటే రెండూ ఎక్కడెక్కడ చెడిపోతాయో చూడాలి.

ముందు పోలింగ్. ఐదు నిమిషాలకోసారి అడిగితే రోజుకు 288 ప్రశ్నలు. రోజుకు ఇరవై ఆర్డర్లు వచ్చే దుకాణమైతే అందులో కనీసం 268 సార్లు వచ్చే జవాబు ఖాళీయే. అయినా ఆలస్యం తప్పదు. సగటున రెండున్నర నిమిషాలు, దురదృష్టం వెంటాడితే ఐదు. మన నీలం చీర కథలో ప్రోగ్రామ్ 11:05కి అడిగి వెళ్లింది, మళ్లీ 11:10కి గానీ రాదు. పది సెకన్లకోసారి అడుగుదామంటే ప్రశ్నలు రోజుకు 8,640 అవుతాయి. ఒక్క దుకాణానికి అదేమీ మోయలేని బరువు కాదు. కానీ వెయ్యి దుకాణాలకు ఇలాంటి హెచ్చరికలు పంపే కంపెనీకి అది రోజుకు 86 లక్షల ప్రశ్నలు, అందులో దాదాపు అన్నీ వృథా. పైగా ఎవరైనా ఎన్నిసార్లయినా అడగొచ్చని ఏ వేదికా ఒప్పుకోదు. హద్దు దాటితే జవాబుకు బదులు `429` అనే సంఖ్య వస్తుంది, కాసేపు ఆగి రమ్మని దాని అర్థం.

అడిగే తీరులోనూ మెలికలున్నాయి. ప్రశ్న ఇలా ఉంటుంది:

```
orders.json?status=any&updated_at_min=2025-01-10T05:30:00Z
```

ఆ సమయం తర్వాత మారిన ఆర్డర్లన్నీ ఇవ్వమని దీని భావం. చివర ఉన్న `Z` ఇది అంతర్జాతీయ ప్రామాణిక కాలమని చెబుతుంది, అంటే మన ఉదయం పదకొండు. ఐదున్నర గంటలు తీసేయడం మరిచిపోయి అక్కడ `11:00:00Z` అని రాశారనుకోండి. మన లెక్కలో అది సాయంత్రం నాలుగున్నర. ఉదయం పదకొండింటికి, సాయంత్రం తర్వాత మారిన ఆర్డర్లు ఇమ్మని అడుగుతున్నట్టు. తప్పని ఎవరూ చెప్పరు, మర్యాదగా ఖాళీ జాబితా వస్తుంది. `status=any` అన్న ముక్క వదిలేసినా ఇంతే. అది లేకపోతే షాపిఫై ఇంకా తెరిచి ఉన్న ఆర్డర్లే ఇస్తుంది. 11:06కి పడి 11:09కి రద్దయిన ఆర్డర్ 11:10 ప్రశ్నకు కనబడనే కనబడదు.

"గత ఐదు నిమిషాలవి" అని మన కంప్యూటర్ గడియారాన్ని నమ్మి అడగడం ఇంకో పొరపాటు. మన గడియారం, వాళ్ల గడియారం కొన్ని సెకన్లు అటూ ఇటూ ఉంటే సరిహద్దులో పడ్డ ఆర్డర్ రెండు ప్రశ్నల సందులోంచి జారిపోతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు పోయినసారి జవాబులో వచ్చిన ఆఖరి సమయాన్నే రాసి పెట్టుకుంటారు. దానికీ ఓ ఐదు నిమిషాలు వెనక్కి వెళ్లి అడుగుతారు. రెండోసారి వచ్చిన ఆర్డర్లను ఆర్డర్ నంబరు చూసి పక్కన పడేస్తారు.

ఇన్ని చిక్కులున్నా పోలింగ్‌కు ఒక గొప్ప గుణముంది. అడిగేది మనమే కాబట్టి, జవాబు రాకపోతే ఆ సంగతి మనకే ముందు తెలుస్తుంది. రాత్రి సర్వర్ ఆగిపోయినా ఉదయం లేచి, ఆగిన చోటి నుంచి మళ్లీ అడిగితే మధ్యలోవన్నీ వచ్చేస్తాయి. దుకాణంలో ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద నడిచే కంప్యూటర్‌కైతే మామూలుగా బయటి నుంచి నేరుగా కబురు చేరదు. లోపలి నుంచి బయటికి అడగడం మాత్రం ఎప్పుడూ కుదురుతుంది.

ఇప్పుడు వెబ్‌హుక్. దీనికి బయటివాళ్లకు అందే సర్వర్ ఒకటి కావాలి, `https` చిరునామాతో. `orders/create` అనే అంశానికి ఆ చిరునామాను నమోదు చేస్తే, డాలస్ ఆర్డర్ పడిన కొద్ది సెకన్లకే మామూలుగా కబురు వచ్చి వాలుతుంది. అందులో ఆర్డర్ వివరాలన్నీ ఉంటాయి. కబురు అందుకున్న సర్వర్ ఐదు సెకన్లలోగా `200` అని బదులివ్వాలి, లేకపోతే అందలేదనే షాపిఫై లెక్క.

ఈ ఐదు సెకన్ల దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. కబురు రాగానే స్టాక్ పట్టికలో రాసి, కౌంటర్‌కు వాట్సాప్ పంపి, చిరునామా చీటీ తయారుచేసి, అన్నీ అయ్యాక తీరిగ్గా `200` అంటారు. మామూలు రోజుల్లో మూడు సెకన్లలో అయిపోయే ఈ పని దసరా రద్దీలో ఏడు సెకన్లు పడుతుంది. షాపిఫై అందలేదనుకుని మళ్లీ పంపుతుంది. పని మళ్లీ మొదలవుతుంది. ఒకే ఆర్డర్‌కు కౌంటర్ ఫోన్ రెండుసార్లో మూడుసార్లో మోగుతుంది, స్టాక్ రెండుసార్లు తగ్గుతుంది. మందు సులువే: కబురును ముందు ఒక వరుసలో భద్రంగా రాసిపెట్టి, వెంటనే `200` అనేసి, మిగతా పని తర్వాత చేసుకోవాలి. ప్రతి కబురుకూ `X-Shopify-Webhook-Id` అని ఒక గుర్తు సంఖ్య ఉంటుంది. ఒకసారి చూసిన సంఖ్య మళ్లీ వస్తే వదిలేయాలి.

కబురు నిజంగా షాపిఫై నుంచే వచ్చిందా అన్నదీ చూసుకోవాలి. ఆ చిరునామా తెలిసినవాళ్లు ఎవరైనా ఉత్తుత్తి ఆర్డర్లు పంపొచ్చు. అందుకే షాపిఫై మనకూ తనకూ మాత్రమే తెలిసిన రహస్య పదంతో కబురంతటికీ ఒక లెక్క కట్టి, `X-Shopify-Hmac-Sha256` అనే వరుసలో జత చేస్తుంది. మనమూ అదే లెక్క కట్టి పోల్చాలి. వచ్చిన పాఠాన్ని ఒక్క ఖాళీ కూడా మార్చకుండా ఉన్నదున్నట్టు లెక్కకట్టాలి. విప్పి, మళ్లీ పేర్చి లెక్కకడితే అసలైన కబురు కూడా నకిలీదిగా తేలుతుంది.

కబుర్లు జరిగిన వరుసలోనే రావాలనీ లేదు. ఆర్డర్ మారిందన్న కబురు, ఆర్డర్ పడిందన్న కబురు కన్నా ముందే రావచ్చు. కాబట్టి ఏది ముందొచ్చిందని కాక, కబురు లోపల రాసి ఉన్న సమయం చూసి తేల్చుకోవాలి.

ఇవన్నీ దిద్దుకోదగ్గ తప్పులే. అసలు ప్రమాదం వేరే ఉంది. సర్వర్లకు మరమ్మతులు మనవాళ్లు రాత్రిపూట పెట్టుకుంటారు. మన రాత్రే అమెరికాలో కొనుగోళ్లు సాగే పగలు. రాత్రి ఒంటిగంట నుంచి ఉదయం ఆరు దాకా సర్వర్ పడిపోయిందనుకోండి. అందని కబురును షాపిఫై నాలుగు గంటల వ్యవధిలో ఎనిమిదిసార్లు మళ్లీ పంపి చూస్తుంది, ఆ తర్వాత ఊరుకుంటుంది. ఒంటిగంటకు పడ్డ ఆర్డర్ కబురు అలా పోయినట్టే. అంతటితో అయిపోదు. వరుసగా అన్నిసార్లూ విఫలమైతే, ప్రోగ్రామ్ ద్వారా చేసుకున్న ఆ నమోదునే తీసేస్తుంది. హెచ్చరిక మెయిలు పంపుతుంది, నిజమే. కానీ అది యాప్ రాసినప్పుడు ఇచ్చిన చిరునామాకు వెళ్తుంది. ఆ యాప్ రాసిన కుర్రాడు ఈపాటికి వేరే ఉద్యోగంలో ఉంటాడు.

ఉదయం ఆరింటికి సర్వర్ లేచింది. ఎక్కడా ఎర్రగీత లేదు, లోపాల జాబితా ఖాళీ. కబుర్లు మాత్రం రావు. "ఏందన్నా, పొద్దుగాల నుంచి ఒక్క ఆర్డరూ వస్తలేదు" అంటాడు కౌంటర్ కుర్రాడు. ఆర్డర్లే లేవో, వచ్చినవి అందడం లేదో ఫోన్ మోగకపోవడాన్ని బట్టి ఎవరూ చెప్పలేరు. పోలింగ్‌లో ఖాళీ జవాబు వస్తే కనీసం ఒక జవాబు వచ్చినట్టు. వెబ్‌హుక్‌లో ఏమీ రాకపోతే దాని అర్థం ఏదైనా కావచ్చు.

అందుకే వెబ్‌హుక్ పెట్టుకున్నాక పోలింగ్ తీసేయకూడదని నా పట్టు. దాని పని మార్చాలి. గంటకోసారి, గడిచిన ఆరు గంటల ఆర్డర్లన్నీ అడిగి, కబుర్ల పుస్తకంతో సరిచూడమనండి. ఆరు గంటలెందుకంటే, షాపిఫై మళ్లీమళ్లీ పంపే నాలుగు గంటలూ అందులో ఇమిడిపోవాలి. సర్వర్ అంతకన్నా ఎక్కువసేపు పడుకుంటే, లేచాక చేసే మొదటి సరిచూపు అది పడిపోయిన సమయం నుంచి మొదలవ్వాలి. ఆఖరి పది నిమిషాల ఆర్డర్లు లెక్కలోకి తీసుకోవద్దు, వాటి కబుర్లు ఇంకా దారిలో ఉండొచ్చు. పోలింగ్‌కు దొరికి, వెబ్‌హుక్‌కు అందని ఆర్డర్లు ఎన్నో ఒక అంకెగా రాసుకోవాలి. మామూలుగా అది సున్నా. ఎప్పుడో ఒకటి కనబడితే కంగారు పడక్కర్లేదు, ఆ ఆర్డర్‌కు ఆలస్యంగానైనా హెచ్చరిక వెళ్లిపోతుంది. గంట గంటకూ పెరుగుతుంటే మాత్రం నమోదు పోయిందనో, రహస్య పదం మారిందనో, `https` ధ్రువపత్రం గడువు తీరిందనో అర్థం. నమోదుల జాబితా తెరిచి చూస్తే చాలావరకు అక్కడే తేలిపోతుంది. రోజుకు 288 ప్రశ్నలు ఇప్పుడు 24కి దిగాయి.

రోజు చివర అమ్మకాల మొత్తం, వారానికోసారి సరుకు లెక్క లాంటివాటికి వెబ్‌హుక్ ఊసే అక్కర్లేదు. రాత్రికి ఒక్కసారి అడిగితే చాలు.

ఇంతా చేసినా నీలం చీర సమస్య పూర్తిగా తీరదు. వెబ్‌హుక్ సెకన్లలో వస్తుంది, ఆ సెకన్లలోనే కౌంటర్‌లో బిల్లు కొట్టేయొచ్చు. ఫోన్ మోగినా కుర్రాడు గమనించకపోవచ్చు. ఒక్కటే మిగిలిన చీరల విషయంలో హెచ్చరిక మీద ఆధారపడకుండా, బిల్లు కొట్టే ముందు ఆ చీర స్టాక్ ఎంతుందో షాపిఫైని అప్పటికప్పుడు అడిగేలా బిల్లింగ్ ప్రోగ్రామ్‌ను మార్చుకోవడం మేలు. ఇదీ పోలింగే, కాకపోతే గడియారం చూసి కాక అవసరం చూసి అడగడం. బిల్లు కాగానే అక్కడి స్టాక్‌ను సున్నా చేసే పని కూడా అదే మీటతో జరిగిపోవాలి. లేదంటే కౌంటర్‌లో అమ్మేసిన చీర, ఎవరో ఒకరు తీరిక చేసుకుని తీసేసేదాకా వెబ్‌సైట్‌లో అమ్మకానికే ఉంటుంది.