మధ్య మిషన్ అడ్డు రాకపోతే

అచ్చయిన షీట్లు ఆఫ్‌సెట్ మిషన్ మీంచి దిగుతాయి, ఫోల్డింగ్ మిషన్ వాటిని ఫారాలుగా మడుస్తుంది, ఆ ఫారాలు బైండింగ్‌కు వెళ్లి అట్ట వేయించుకుని పుస్తకాలవుతాయి. ప్రతి పనీ ఈ మూడు మెట్లూ ఇదే వరుసలో ఎక్కాలి. ఐదు పుస్తకాలు ఒకేసారి చేతికొస్తే ఏది ముందు అచ్చు వేయాలి? చాలా ప్రెస్సుల్లో దీనికి జవాబు లెక్కలోంచి రాదు. ముందుగా తెచ్చినవాళ్లదో, గట్టిగా అడిగినవాళ్లదో ముందు మిషన్ ఎక్కుతుంది. మిషన్లు అవే, మనుషులు వాళ్లే. అయినా వరుస మారితే మొత్తం పని ముగిసే వేళ గంటల కొద్దీ ముందుకో వెనక్కో జరుగుతుంది.

ఈ వరుస సంగతిని మొదట తేల్చినవాడు సెల్మర్ జాన్సన్. అమెరికాలోని రాండ్ కార్పొరేషన్‌లో పనిచేసిన గణితవేత్త. సహోద్యోగి రిచర్డ్ బెల్మన్ ఆయన ముందు ఒక ప్రశ్న పెట్టాడు: ఒక మిషన్ దాటాక ఇంకో మిషన్ దాటాల్సిన పనులు కొన్ని ఉన్నాయి, ఏ వరుసలో పంపితే అన్నీ తొందరగా ముగుస్తాయి? జాన్సన్ జవాబు 1954లో నేవల్ రీసెర్చ్ లాజిస్టిక్స్ క్వార్టర్లీ తొలి సంపుటంలో అచ్చయింది. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఆపరేషన్స్ రీసెర్చ్ చదివినవాళ్లందరూ ఈ సూత్రంతో పరీక్ష రాసే ఉంటారు.

రెండు మిషన్లే ఉన్నప్పుడు సూత్రం చాలా తేలిక. అచ్చు, బైండింగ్ మాత్రమే ఉన్నాయనుకుందాం. మొదటి పుస్తకం అచ్చయ్యేదాకా బైండింగ్ చేతులు కట్టుకుని కూర్చుంటుంది కాబట్టి, తొందరగా అచ్చయ్యేది ముందు వెళ్లాలి. చివరి పుస్తకం బైండింగ్‌లో ఉన్నంతసేపూ అచ్చు మిషన్‌కు పనుండదు కాబట్టి, తొందరగా బైండయ్యేది చివర రావాలి. పద్ధతి కూడా ఇంతే. గంటలన్నీ రెండు వరసలుగా రాసుకుని వాటిలో అతి చిన్న అంకెను చూడాలి. అది అచ్చు వరసలో కనిపిస్తే ఆ పనిని మొదట్లో, బైండింగ్ వరసలో కనిపిస్తే చివర్లో పెట్టి కొట్టేయాలి. మిగిలినవాటితో మళ్లీ అదే చేయాలి.

మూడో మిషన్ మధ్యలోకి రాగానే ఈ తేలికతనం పోతుంది. మూడు మిషన్ల మీద ఏ అంకెలకైనా పనికొచ్చే ఇలాంటి వేగమైన సూత్రం ఇంతవరకూ లేదు. గేరీ, డేవిడ్ జాన్సన్, రవి సేఠీ 1976లో ఈ సమస్య అతి కఠినమైన లెక్కల తరగతికి చెందుతుందని నిరూపించారు. (ఈ డేవిడ్ జాన్సన్ వేరు, మన సెల్మర్ జాన్సన్ వేరు.) పది పనులుంటే 36,28,800 వరుసలు. అయితే 1954 నాటి ఆ వ్యాసంలోనే సెల్మర్ జాన్సన్ ఒక దారి చూపించాడు. అది అన్నిచోట్లా పనికిరాదు కానీ, పనికొచ్చేచోట మాత్రం మూడు మిషన్ల చిక్కును రెండు మిషన్ల లెక్కగా మార్చేస్తుంది.

దానికి పెట్టిన షరతు ఇది. మధ్య మిషన్ మీద అన్నిటికంటే ఎక్కువసేపు పట్టే పనిని తీసుకోండి. మొదటి మిషన్ మీద అన్నిటికంటే తక్కువసేపు పట్టే పనికి కూడా కనీసం అంత సేపైనా పట్టాలి. అలా కుదరకపోతే, మూడో మిషన్ మీద అతి తక్కువ సమయమైనా దానికి తగ్గకుండా ఉండాలి. రెంటిలో ఏ ఒక్కటి నిజమైనా చాలు. అప్పుడు ఒక్కో పనికీ మొదటి రెండు మిషన్ల గంటలు కలిపి ఒక అంకె, చివరి రెండింటి గంటలు కలిపి ఇంకో అంకె రాసుకుని, వాటిని రెండు మిషన్ల గంటల్లా చూసి పాత సూత్రమే వాడాలి. మధ్య మిషన్ గంటలు రెండు వైపులా చేరతాయి.

పాఠ్యపుస్తకాల్లో ఈ షరతు మొదటి మెట్టుగా కనబడుతుంది. విద్యార్థి దాన్ని సరిచూసి ముందుకు సాగిపోతాడు. ఆ షరతు ఎందుకో తెలిస్తేనే అసలు సంగతి అర్థమవుతుంది, కాబట్టి అక్కడ కాస్త ఆగుదాం.

ఏ పుస్తకం అచ్చుకైనా, ఏ పుస్తకం మడతకైనా పట్టేంత సేపు పడుతుందనుకోండి. మొదటి పుస్తకం మడతకు వెళ్లిన క్షణాన రెండోది అచ్చెక్కుతుంది. అది అచ్చయి వచ్చేలోపు మొదటిదాని మడత ముగిసిపోతుంది. అంటే ఫోల్డింగ్ ముందు ఏ పుస్తకమూ ఎన్నడూ వేచి ఉండదు. ఆ మిషన్ ఎవరికీ అడ్డు కాదు, దారిలో పట్టే కాసేపటి ఆలస్యం మాత్రమే. రెండో రకం షరతులో ఫోల్డింగ్ ముందు గుట్ట పేరుకోవచ్చు, కానీ దానివల్ల నష్టం లేదు. ముందు పుస్తకం మడత ముగిసి బైండింగ్ ఎక్కాక, అది దిగేలోపు వెనకదాని మడత కూడా అయిపోతుంది. బైండింగ్ ఆ గుట్ట కారణంగా ఖాళీగా నిలబడదు.

ఇప్పుడు అంకెలు చూద్దాం. లెక్క కోసం తీసుకున్న ఐదు పుస్తకాలివి, గంటల్లో:

| పుస్తకం | అచ్చు | మడత | బైండింగ్ |
|---|---|---|---|
| గైడు | 8 | 3 | 3 |
| వర్క్‌బుక్ | 9 | 1 | 7 |
| నవల | 6 | 4 | 5 |
| కథలు | 5 | 4 | 8 |
| పంచాంగం | 5 | 2 | 9 |

మడతలో అతి పెద్ద అంకె 4, అచ్చులో అతి చిన్నది 5. షరతు నెరవేరింది. బైండింగ్ వైపు చూస్తే గైడు 3 గంటలే కాబట్టి అటువైపు నెరవేరలేదు, అయినా ఒక వైపు చాలు.

మొదట, పుస్తకాలు చేతికొచ్చిన వరుసలోనే, అంటే పట్టికలో ఉన్నట్టే పంపుదాం. గైడు అచ్చు, మడత ముగిసేసరికి 11 గంటలు. అంతసేపూ బైండింగ్ ఖాళీ. 14వ గంటకు గైడు దిగిపోతుంది, వర్క్‌బుక్ 18వ గంట దాకా రాదు. అది 25వ గంటకు ముగిస్తే నవల 27కు అందుతుంది. చివర్లో కథలు, పంచాంగం రెండూ పెద్ద బైండింగ్ పనులే. అన్నీ పూర్తయ్యేసరికి 49వ గంట.

ఇక జాన్సన్ దారి. కలిపిన అంకెలు: గైడు 11, 6. వర్క్‌బుక్ 10, 8. నవల 10, 9. కథలు 9, 12. పంచాంగం 7, 11. అన్నిటికంటే చిన్నది గైడు రెండో అంకె 6, కాబట్టి గైడు చివరికి పోతుంది. తర్వాత పంచాంగం మొదటి అంకె 7, అది మొదటికి వస్తుంది. వర్క్‌బుక్ రెండో అంకె 8, అది గైడుకు ముందు. మిగిలిన రెంటిలో కథలకు చిన్నది మొదటి అంకె, నవలకు చిన్నది రెండో అంకె. వరుస తేలింది: పంచాంగం, కథలు, నవల, వర్క్‌బుక్, గైడు.

ఈ వరుసలో పంచాంగం 7వ గంటకే బైండింగ్ చేరుతుంది. అది 16కు దిగేలోపు, 14వ గంటకే కథలు మడత ముగించుకుని సిద్ధంగా ఉంటాయి. అవి 24 దాకా, నవల 29 దాకా, వర్క్‌బుక్ 36 దాకా బైండింగ్‌లో ఉంటాయి. సరిగ్గా 36వ గంటకే గైడు మడత ముగిసి అందుతుంది. 39కి అంతా పూర్తి. మొదలయ్యాక బైండింగ్ ఒక్క నిమిషం ఆగలేదు. పది గంటలు మిగిలాయి.

ఇంతకంటే మంచి వరుస ఉండదని నమ్మడానికి మిగిలిన 119 వరుసలూ వేసి చూడనక్కర్లేదు. బైండింగ్ పని మొత్తం 32 గంటలు. ఏ పుస్తకాన్ని ముందు పంపినా అది బైండింగ్ చేరడానికి కనీసం 7 గంటలు పడుతుంది. రెండూ కలిపితే 39. ఏ వరుసా దీని కిందికి దిగలేదు. చేసిన లెక్కలో తప్పు దొర్లిందేమో చూసుకోవడానికి ఇంకో చక్కని దారి ఉంది. కలిపిన అంకెలతో రెండు మిషన్లు నడిపినట్టు లెక్కేస్తే 53 గంటలొస్తాయి. మడత గంటల మొత్తం 14. ఆ 53లోంచి 14 తీసేస్తే 39 రావాలి, వచ్చింది. షరతు నెరవేరినప్పుడు ఈ తేడా ఎప్పుడూ మడత గంటల మొత్తానికి సమానం.

మడత ఎలాగూ అడ్డు కాదు కదా, లెక్కలోంచి దాన్ని తీసేస్తే పోలేదా? పోదు. అచ్చు, బైండింగ్ అంకెలే చూస్తే పంచాంగానికీ కథలకూ మొదటి అంకె 5, ఎవరిని ముందు పంపినా ఒకటే అనిపిస్తుంది. కథల్ని ముందు పంపితే వాటి మడతకు 4 గంటలు పడుతుంది కాబట్టి బైండింగ్ 7కు బదులు 9వ గంటకు మొదలై, మొత్తం పని 41 దాకా సాగుతుంది.

షరతు తప్పినచోట ఏమవుతుంది? ఫోల్డింగ్ మిషన్ పాడై, ఫారాలు చేత్తో మడుస్తున్నారనుకుందాం. రెండే పుస్తకాలు. మొదటిదానికి అచ్చు 4, మడత 5, బైండింగ్ 5 గంటలు. రెండోదానికి 1, 9, 5. మడతలో పెద్ద అంకె 9, ఇటు అచ్చూ అటు బైండింగూ దాన్ని అందుకోవు. అయినా పట్టించుకోకుండా అంకెలు కలిపితే మొదటిది 9, 10, రెండోది 10, 14. సూత్రం మొదటి పుస్తకాన్నే ముందు పంపమంటుంది. అలా చేస్తే 23 గంటలు. తిప్పి పంపితే 20కే అయిపోతుంది. ఇక్కడ మడతే అసలు ఇరుకు. దాన్ని ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. గంటలో అచ్చయ్యే రెండో పుస్తకం ఆ పని చేస్తుంది. సూత్రానికి ఆ సంగతి కనబడదు, ఎందుకంటే మడత ముందు క్యూ ఉండదన్న నమ్మకం మీదే అది నిలబడింది.

ఇక్కడ సరాసరి చూసి మోసపోకూడదు. నలభై పనుల్లో ముప్పై తొమ్మిది మడతలో చిటికెలో తేలిపోయినా, చేత్తో మడవాల్సిన లావుపాటి పుస్తకం ఒక్కటి ఉంటే హామీ పోతుంది. అప్పుడు వచ్చిన వరుస మంచిదే కావచ్చు, కానీ అన్నిటికంటే మంచిదని చెప్పలేం. పైన 39 విషయంలో చేసినట్టు, ఏ వరుసా దిగలేని అడుగు హద్దును వేసి దానితో పోల్చుకోవాలి. దగ్గరగా ఉంటే ఆ వరుసతోనే పని నడిపించవచ్చు. దూరంగా ఉంటే, పనులు తక్కువైనప్పుడు అన్ని వరుసలూ కంప్యూటర్‌తో వేయించి చూడటమే దారి.

షరతు నెరవేరినా సూత్రం లెక్కచేయనివి కొన్ని ఉన్నాయి. అది చూసేది చివరి పుస్తకం ఎప్పుడు ముగుస్తుందన్నదే. స్కూళ్లు తెరిచేలోపు గైడు కావాలని మాట ఇచ్చి ఉంటే, దాన్ని చివర్న పెట్టిన వరుస పనికిరాదు. ఒక పుస్తకం మొత్తం అచ్చయ్యాకే మడత మొదలవుతుందని కూడా అది అనుకుంటుంది. ప్రెస్సులో మొదటి ఫారాలు దిగగానే మడత మొదలుపెడితే ఈ గంటలు మారిపోతాయి.

మధ్యలో మడతకు బదులు సిరా ఆరడం ఉంటే సంగతి ఇంకోలా ఉంటుంది. ఎన్ని గుట్టలైనా పక్కపక్కన ఒకేసారి ఆరతాయి, ఒకదాని కోసం ఇంకొకటి ఆగదు. మిషన్ కానే కాదు కాబట్టి పెద్ద అంకె, చిన్న అంకె షరతుతో పనిలేదు. అచ్చయిన వరుసలోనే బైండింగ్‌కు పంపేటట్లయితే, ఆరే గంటలు అచ్చు గంటల కంటే ఎక్కువైనా సరే, అటూ ఇటూ కలిపి అదే సూత్రం వాడుకోవచ్చు. 1959లో ఎల్.జి.మిట్టెన్ అనే పరిశోధకుడు ఇలాంటి ఆలస్యాలకు ఈ లెక్కను విస్తరించాడు.