మొండి పిల్లికి కిడ్నీ ఆహారం అలవాటు చేయడం

దీర్ఘకాలిక జబ్బుతో పాడైన పిల్లి కిడ్నీలు మళ్లీ మామూలు స్థితికి రావు. మిగిలిన కిడ్నీ భాగం మీద భారం తగ్గించడమే వైద్యంలో ప్రధానం. ఆ భారంలో పెద్దది ఫాస్ఫరస్. మాంసం, చేపలు, అన్నిటికంటే ఎక్కువగా ఎముకల ద్వారా ఒంట్లో చేరే ఈ ఖనిజం అవసరానికి మించితే మూత్రంలో బయటికి పంపాల్సింది కిడ్నీలే. అవి బలహీనపడినప్పుడు ఆ పని చేయించడానికి శరీరం పారాథైరాయిడ్ వంటి హార్మోన్లను ఎక్కువగా వదులుతుంది. ఎముకల్లోని సున్నం కరుగుతుంది, కిడ్నీ కణజాలంలో సున్నం పేరుకుంటుంది, జబ్బు ఇంకా ముదురుతుంది. రక్త పరీక్షలో ఫాస్ఫరస్ పెరగకముందే ఈ హార్మోన్ల మార్పు మొదలవుతుంది. అందుకే రిపోర్టు బాగానే ఉందని ఆహారం మార్పును వాయిదా వేయడం మంచిది కాదు.

ఐరిస్ అనే అంతర్జాతీయ నిపుణుల బృందం ఈ జబ్బును 4 దశలుగా విభజించింది. ప్రత్యేక ఆహారం రెండో దశ నుంచే మొదలవ్వాలి. రక్తంలో ఫాస్ఫరస్ రెండో దశలో డెసిలీటరుకు 4.6 మిల్లీగ్రాములు, మూడో దశలో 5, నాలుగో దశలో 6 దాటకుండా చూస్తారు. 2.7 కంటే తగ్గడమూ మంచిది కాదు.

డబ్బా మీద ఫాస్ఫరస్‌ను శాతంలో ముద్రిస్తారు. ఆ అంకె ఒక్కటే చూస్తే మోసపోవచ్చు, ఎందుకంటే పిల్లి తినేది కేలరీల లెక్కన. 4 కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 కేలరీలు కావాలనుకుందాం. కిలోకు 3,700 కేలరీలిచ్చే మామూలు డ్రై ఫుడ్‌లో ఫాస్ఫరస్ 1.1 శాతం ఉంటే, రోజువారీ 54 గ్రాముల్లో దాదాపు 600 మిల్లీగ్రాములు లోపలికి వెళ్తుంది. కిలోకు 4,000 కేలరీలతో 0.5 శాతం ఉన్న ప్రిస్క్రిప్షన్ ఆహారమైతే 50 గ్రాములు సరిపోతుంది, ఫాస్ఫరస్ 250 మిల్లీగ్రాములే. రెండూ సగం సగం తిన్నా 425 దగ్గర ఆగుతుంది. పూర్తిగా మారని పిల్లికీ మేలు జరుగుతుందని ఈ లెక్క చెబుతోంది. మొండి పిల్లిని పెంచేవారు గుర్తుంచుకోవలసిన సంగతి ఇదే.

మారనని మొరాయించే పిల్లికి చాలాసార్లు అసలు అడ్డంకి రుచి కాదు, వికారం. గిన్నె దగ్గరికి వచ్చి వాసన చూసి, పెదాలు నాక్కుంటూ వెనక్కి తిరిగితే అదే గుర్తు. ఆ స్థితిలో కొత్త ఆహారం పెడితే ఒంట్లోని బాధకూ ఆ వాసనకూ ముడి పడిపోయి, కోలుకున్నాక కూడా పిల్లి దాన్ని ముట్టదు. ముందు వాంతుల మందు, నీరసానికి సెలైన్, పొటాషియం తగ్గితే దాని భర్తీ జరగాలి. ఆకలి కుదిరాకే, ఆస్పత్రిలో కాకుండా ఇంట్లో, మార్పు మొదలుపెట్టాలి. కొత్త ఆహారంలో మాత్రలు దాచి పెట్టడం మరో తప్పు.

మొదటి వారం పాత గిన్నె పక్కనే మరో గిన్నెలో 5 గ్రాముల కొత్త ఆహారం ఉంచితే చాలు. వాసన అలవాటయ్యాక అంతే మొత్తాన్ని పాతదాంట్లో కలిపి, పాతది అంతమేర తగ్గించాలి. అది 4, 5 రోజులు మిగల్చకుండా తింటే 10 గ్రాములకు పెంచాలి. తిండి తగ్గితే వెనకటి మెట్టుకు దిగాలి. కొన్ని పిల్లులకు ఈ ప్రయాణం 8 వారాలు పడుతుంది. తడి ఆహారాన్ని ఒంటి వేడికి వచ్చేలా గోరువెచ్చగా చేస్తే వాసన పెరుగుతుంది. ఒక కంపెనీది నచ్చకపోతే మరొకటి, డ్రై నచ్చకపోతే తడి ప్రయత్నించవచ్చు.

ఆకలికి తట్టుకోలేక అదే తింటుందిలే అని ఎదురుచూడటం మాత్రం ప్రమాదం. పిల్లి కొన్ని రోజులు పస్తుంటే కొవ్వు కాలేయంలో చేరి ప్రాణం మీదికి తెస్తుంది. ఒక రోజంతా ఏమీ తినకపోతే వైద్యుడికి చెప్పాలి. ప్రతి వారం తూకం వేసి రాసిపెట్టుకోవాలి. వెంట్రుకల కింద కండ కరిగేది కంటికి ఆనదు.

సగం దగ్గరే ఆగిపోయిన పిల్లికి అల్యూమినియం హైడ్రాక్సైడ్ వంటి ఫాస్ఫరస్ బైండర్ ఇస్తారు. అది పేగుల్లో తిండిలోని ఫాస్ఫరస్‌ను పట్టేసే మందు కాబట్టి తిండితో కలిపితేనే పనిచేస్తుంది, ఖాళీ కడుపున ఇస్తే వృథా. మోతాదు వైద్యుడే చెప్పాలి. మార్పు కుదిరిన 4 వారాలకు ఫాస్ఫరస్‌తో పాటు కాల్షియం కూడా పరీక్షించాలి, ఎందుకంటే కొన్ని పిల్లుల్లో ఫాస్ఫరస్ బాగా తగ్గించాక కాల్షియం పెరుగుతుంది.

మన ఇళ్లలో ప్రేమతో పెట్టే ఎండు నెత్తళ్లు, చేప తలకాయలు, పాలు ఈ లెక్కను తెలియకుండా చెడగొడతాయి. ముల్లుతో సహా నమిలే ఎండు చేపలో ఫాస్ఫరస్ చాలా ఎక్కువ. మచ్చికకు ఏదైనా పెట్టాలనిపిస్తే ఎముకలేని ఉడికించిన కోడిమాంసం చిటికెడు, ఉప్పూ ఉల్లిపాయా లేకుండా, కొత్త ఆహారం పైన చల్లండి.