వంకర రాయి కొలత నీళ్లకు ఎలా తెలుస్తుంది?

అగ్గిపెట్టె ఎంత చోటు పడుతుందో తెలియాలంటే పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి గుణిస్తే సరిపోతుంది. కంకర రాయి దగ్గరకొచ్చేసరికి స్కేలు ఎక్కడ పెట్టాలో తెలియదు. ఒకపక్క ఉబ్బు, ఇంకోపక్క నొక్కు. అలాంటి రాయి ఘనపరిమాణం, అంటే అది ఆక్రమించే చోటు, నీళ్లలో ముంచితే ఎందుకు తెలుస్తుంది?

నిండు బిందెలో చెయ్యి పెడితే నీళ్లు ఒలుకుతాయి. చెయ్యి ఉన్నచోట నీళ్లు ఉండలేవు కాబట్టి తప్పుకుంటాయి. నొక్కినా అవి చిన్నవైపోవు. అందుకే రాయి ఎంత చోటు తీసుకుంటే సరిగ్గా అంత నీరు జరగాలి. కొలజాడీలో పక్కలకు దారి లేదు గనక పైకి లేస్తుంది. రాతి నొక్కుల్లోకి నీరే దూరుతుంది, ఉబ్బుల చుట్టూ నీరే సర్దుకుంటుంది. మనం చూడాల్సింది మట్టం ఒక్కటే.

100 మిల్లీలీటర్ల సన్నటి కొలజాడీలో 50 గీత దాకా నీళ్లు పోద్దాం. గాజు అంచున నీరు కొంచెం పైకి పాకుతుంది, నడుమ పల్లంగా ఉంటుంది. కన్ను మట్టానికి సమానంగా పెట్టి ఆ పల్లం అడుగునే చదవాలి. రాయికి సన్నటి దారం కట్టి మెల్లగా దింపాలి. పైనుంచి వదిలేస్తే నీళ్లు చిందుతాయి, జాడీ అడుగూ పగలొచ్చు. రాయి పూర్తిగా మునిగాక మట్టం 68 దగ్గర ఆగిందనుకుందాం. 68లోంచి 50 తీసేస్తే 18. ఒక మిల్లీలీటరంటే ఒక ఘన సెంటీమీటరే కాబట్టి మన రాయి 18 ఘన సెంటీమీటర్లు. వంటింటి వెడల్పాటి జగ్గులోనైతే ఇదే రాయికి మట్టం కదిలినట్టే కనిపించదు, గీతలూ దూరదూరంగా ఉంటాయి.

బరువైన రాయి నీళ్లను ఎక్కువ లేపుతుందేమోనని పిల్లలు అడుగుతుంటారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ మునిగిపోయే వస్తువుకు బరువుతో పని లేదు. అదే పరిమాణంలో ఇనుప ముక్క వేసినా నీళ్లు 68కే చేరతాయి. బరువు వేరే పనికొస్తుంది: మన రాయి గ్రానైటైతే త్రాసులో సుమారు 49 గ్రాములు తూగాలి, ఎందుకంటే గ్రానైటు ఘన సెంటీమీటరుకు దాదాపు 2.7 గ్రాములుంటుంది. 30 గ్రాములే తూగితే కొలతలో ఏదో తేడా ఉన్నట్టు, లేదా అది గ్రానైటు కానట్టు.

రాతికి అంటుకున్న గాలి బుడగ కూడా చోటు తీసుకుంటుంది, అప్పుడు మట్టం ఎక్కువ చూపిస్తుంది. దారం కాస్త కదిపితే బుడగ ఊడిపోతుంది. ఇటుక ముక్క, చిల్లుల ఎర్రరాయి లాంటివి దీనికి ఉల్టా. బుడగలు వరసగా వస్తూనే ఉంటాయి, మట్టం నెమ్మదిగా దిగుతుంది. లోపలి గాలి పోయి ఆ చోట్లోకి నీరు చేరుతోందన్నమాట. అలాంటి రాయిని ముందే బుడగలు ఆగేదాకా నానబెట్టి, పైతడి గుడ్డతో అద్ది, ఆ తర్వాత కొలజాడీలోకి దింపాలి. అప్పుడు వచ్చే లెక్కలో లోపలి చిల్లులు కూడా కలిసే ఉంటాయి.